బాబాయ్ టీ బండి, నా 18 సెకన్ల రీల్

ఈ సంచికకి నన్ను కథ రాయమన్నారు. రాశాను కూడా. అందులో ఒక టీ బండి బాబాయ్ ఉంటాడు, ఒక కుర్రాడు ఆయన మీద రీల్ తీస్తాడు, అది వైరల్ అవుతుంది, చివరి పేరాలో బాబాయ్ ఏసీ షాపు ఓపెన్ చేస్తాడు. ఎడిటింగ్ చూసే సీనియర్ అక్క చదివి, "ఇది మన గేటు ఎదురు బాబాయే కదా? ఆయనకి ఏసీ షాపు ఎక్కడుంది?" అని అడిగింది. లేదు. ఆ రీల్ తీసిన కుర్రాణ్ణి నేనే. అందుకే కథ పక్కన పెట్టి జరిగింది రాస్తున్నా. పదో తరగతి వరకు తెలుగు నాకు సెకండ్ లాంగ్వేజ్ మాత్రమే, ఒత్తులు చాలావరకు అక్కే దిద్దింది.

గుంటూరు, విజయవాడ మధ్య హైవే మీద వెళ్లేవాళ్లకి ఇలాంటి బళ్లు వంద కనిపిస్తాయి. పైన నీలం పట్టా, రెండు బర్నర్ల స్టవ్, కింద గ్యాస్ బండ, పక్కన ప్లాస్టిక్ టబ్బులో గాజు గ్లాసులు. బాబాయ్ టీ కాస్తాడు, పిన్ని గ్లాసులు కడుగుతుంది, బన్నులు, డబ్బులు చూసుకుంటుంది. ఒక బర్నర్ మీద టీ, రెండోదాని మీద పాలు. తెల్లవారుజామున 5కి తెరుస్తారు. 5:30కి మిరపకోతలకి వెళ్లే కూలీల ఆటోలు అక్కడ ఆగుతాయి. వాళ్ల తర్వాత లారీ డ్రైవర్లు, ఆ తర్వాత మా హాస్టల్ వాళ్లం. మళ్లీ సాయంత్రం.

బాబాయ్ అల్లం టీకి ఒక పద్ధతుంది. ముందు 2 లీటర్ల నీళ్లలో దంచిన అల్లం వేసి బాగా మరగనిస్తాడు. తర్వాత డస్ట్ టీపొడి, పంచదార. చివర్లో, పక్క బర్నర్ మీద అప్పటికే కాగిన 3 లీటర్ల పాలు. రెండు పొంగులు వచ్చాక గుడ్డలో వడకడతాడు. మొత్తం 20 నిమిషాలు, దాదాపు 60 గ్లాసులు. అల్లం నీళ్లలోనే ఎందుకు మరగాలో నేనెప్పుడూ అడగలేదు. తర్వాత తెలిసింది, దాని గురించి చెప్తా.

సంక్రాంతి సెలవుల నుంచి వచ్చాక ఒక సాయంత్రం గిరాకీ లేదు. "మీ ఫోన్లో వేస్తారుగా, మన బండి కూడా ఒకసారి వెయ్యి అబ్బాయ్" అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి. అల్లం దంచే రాయి చప్పుడుతో మొదలుపెట్టా, ఎందుకంటే మొదటి రెండు సెకన్లలో చూసేవాడి వేలు ఆగకపోతే ఇక ఆగదు. తర్వాత పొంగు, గుడ్డలోంచి ధార, గ్లాసు మీద పొగ. చివర్లో బాబాయ్ నవ్వు. మొత్తం 18 సెకన్లు. కింద "10 రూపాయలకే" అని రాసి, లొకేషన్ ట్యాగ్ పెట్టా.

నా రీల్స్‌కి మామూలుగా 300 వ్యూస్ వస్తాయి, అందులో సగం మా కజిన్సే. దీనికి మూడో రోజుకి 2 లక్షలు దాటాయి. రీల్స్‌లో మనల్ని ఫాలో అవ్వనివాళ్లకి కూడా వీడియో వెళ్తుంది. ఎంతసేపు చూశారు, లైక్ కొట్టారా, ఎవరికైనా పంపారా అన్నవే అన్నిటికంటే ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి స్వయంగా చెప్పాడు. నా రీల్‌కి లైకుల కంటే పంపినవే ఎక్కువ. "సాయంత్రం వెళ్దామా రా" అనుకుంటూ పంపుకున్నవి. అకౌంట్ ఇన్‌సైట్స్ తెరిస్తే పైన హైదరాబాద్, బెంగళూరు. వాళ్లెవరూ టీ కోసం ఇంత దూరం రారు కదా అని తేలిగ్గా తీసుకున్నా. మిగిలిన కొద్దిమందే ఒక బండిని ముంచడానికి సరిపోతారని లెక్క వెయ్యలేదు.

ఆ లెక్క మా సిలబస్‌లోనే ఉంది. 20 నిమిషాలకి 60 గ్లాసులంటే నిమిషానికి 3. అంతకుముందు బాగా రద్దీగా ఉన్న గంటలో కూడా వంద మంది వచ్చేవాళ్లు, సులువుగా సరిపోయేది. ఆ శనివారం సాయంత్రం బైకులు హైవే సర్వీస్ రోడ్డు దాకా ఆగాయి. ఒక దశలో నేను లెక్కపెడితే 90 మంది నిలబడి ఉన్నారు. నిమిషానికి ముగ్గురు చొప్పున, చివరివాడికి టీ అందాలంటే అరగంట. క్యూ పెరుగుతోందంటే సర్వర్లు పెంచాలి అని పరీక్షలో రాస్తాం. ఇక్కడ సర్వర్ బాబాయ్, ఆయనకి రెండు చేతులు. రెండో బర్నర్ మీద కూడా టీ పెడదామంటే పాలు ఎక్కడ కాగాలి?

ఆదివారం నుంచి పిన్ని వాళ్ల తమ్ముడి కొడుకు సాయానికి వచ్చాడు, రోజుకి 500. మంచి కుర్రాడే, పరుగులు పెట్టి పనిచేశాడు. తొందరలో ఒక గిన్నెలో గోరువెచ్చని పాలు పోసి, దంచిన పచ్చి అల్లం నేరుగా అందులోనే వేసి, మంట పెంచాడు. పాలు మరిగేలోపే ముక్కలు ముక్కలుగా విరిగిపోయాయి. 4 లీటర్లు. పాలు పాడైనవని వాడు, కాదని పాలవాడు, కాసేపు గొడవ. బాబాయ్ వచ్చి చూసి, "పచ్చల్లం పాలల్లో ఎయ్యకూడదురా" అని ఒక్క మాట అన్నాడు. హాస్టల్‌కి వచ్చి చదివితే అర్థమైంది. పచ్చి అల్లంలో ప్రొటీన్‌ని కోసే ఒక ఎంజైమ్ ఉంటుంది. పాలు 60, 70 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు అది బాగా పనిచేసి పాలని పెరుగులా గట్టిపరుస్తుంది. చైనాలో అలాగే ఒక తీపి వంటకం చేసుకుంటారట. ముందు నీళ్లలో మరిగిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, తర్వాత పాలకి ఏం కాదు. బాబాయ్ ఎప్పుడూ ఎంజైమ్ అనే మాట విని ఉండడు.

విరిగిన పాలు అందరికీ కనిపించాయి. కనిపించనిది ఇంకోటి జరిగింది. క్యూ తగ్గించడానికి బాబాయ్ వాడేసిన పొడి మీదే మళ్లీ నీళ్లు పోసి, కొంచెం కొత్త పొడి కలిపి, ఎక్కువసేపు మరిగించడం మొదలుపెట్టాడు. రంగు వస్తుంది, రుచి రాదు. పొడి అంతసేపు మరిగితే వగరు దిగుతుంది, నాలుక అంచులు పట్టుకున్నట్టు ఉంటుంది. దీన్ని మొదట కనిపెట్టింది పిన్ని, అది కూడా తాగకుండానే. టబ్బులోకి వచ్చే గ్లాసుల్లో అడుగున టీ మిగిలి ఉంటోంది. "ఇరవై ఏళ్లుగా కడుగుతున్నా, ఖాళీ గ్లాసులే వచ్చేయి. ఇవాళ చూడు, సగం టీ పారబోస్తున్నా" అంది. నేను టీ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నా. నాదీ సగమే అయింది.

ఆ తర్వాత కాగితం కప్పులు వచ్చాయి, కడగడం కుదరక. దాంతో ఎంత మిగులుతోందో చూసే దారి కూడా పోయింది. కప్పులు రోడ్డు పక్కన చెత్తలోకి వెళ్తాయి.

డబ్బు సంగతి. రెండో వారం చివర ఖాతా పుస్తకం వెనక పేజీలో ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. అంతకుముందు రోజుకి 300 టీలు, ఖర్చులు పోను సుమారు 1,700 మిగిలేది. ఇప్పుడు 600 టీలు. అయితే అదనపు పాలకి పాలవాడు చాలడు, ప్యాకెట్లు కొనాలి, లీటరుకి 10 రూపాయలు ఎక్కువ. కప్పులకి 350 పైన. కుర్రాడికి 500. అన్నీ తీసేస్తే 2,400. పని రెట్టింపు, మిగులు 700 ఎక్కువ. టీ 15 చెయ్యమన్నా. "పొద్దున్నే కూలికి పోయేవాళ్ల దగ్గర పదిహేను ఎట్టా తీసుకుంటాం?" అన్నాడు.

నిజానికి అప్పటికి పొద్దున్నే వచ్చేవాళ్లు లేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తలేదు. రాత్రి 11 దాకా బండి నడిపి, గిన్నెలు తోముకుని పడుకునేసరికి ఒంటిగంట. 5కి తెరిచే బండి 6:30కి తెరుస్తోంది. కూలీల ఆటోలు 5:30కి వస్తాయి, బండి మూసి ఉంటుంది, వెళ్లిపోతాయి. మూడు రోజులు చూసి వాళ్లు కింద పెట్రోల్ బంకు దగ్గర ఇంకో బండికి మారిపోయారు. రోజూ 80 టీలు, బన్నులు. ఎండైనా వానైనా వచ్చేవాళ్లు. ఫోన్ ఎత్తి ఫొటో తీసేవాళ్లు కాదు.

నాలుగో వారానికి బైకులు తగ్గాయి. రీల్ కూడా ఒక్కసారిగా ఆగింది, రోజుకి వంద వ్యూస్ కూడా లేవు. చూసొచ్చాం అనుకున్నవాళ్లు రెండోసారి ఎందుకొస్తారు, గుంటూరులో టీ దొరకదా? కుర్రాడు వెళ్లిపోయాడు. సాయంత్రం అయినా పొద్దున అయినా బండి ముందు మా హాస్టల్ మొహాలే. డిలీట్ చెయ్యనా బాబాయ్ అని అడిగా. నా గొంతు సరిగ్గా రాలేదు.

"ఎందుకు, నవ్వు బాగానే పడిందిగా" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "ఇంకోటి తియ్యి. నేను చెప్పింది చెప్పినట్టు పెట్టు" అన్నాడు.

రెండో రీల్‌లో పొగ లేదు, చప్పుడు లేదు. బాబాయ్ నిలబడి, "పొద్దున 5 నుంచి, సాయంత్రం 8 దాకా. అల్లం టీ ఒక గిన్నె అయ్యాకే ఇంకో గిన్నె. తొందరున్నవాళ్లు ఇంకో రోజు రండి" అని చెప్పాడు, అంతే. 900 వ్యూస్. దాన్నే పైన పిన్ చేశా. లొకేషన్ ట్యాగ్ చూసి ఇప్పటికీ వారానికి నాలుగైదు బైకులు వస్తాయి, ఒక గిన్నె అయ్యేదాకా ఆగుతాయి.

కూలీల కోసం మాత్రం రీల్ పని చెయ్యలేదు. బాబాయే వారం రోజులు 5:15కి ఫ్లాస్కు పట్టుకుని, పెట్రోల్ బంకు కంటే ముందొచ్చే మలుపు దగ్గర నిలబడ్డాడు. మొదటి రోజు ఒక ఆటో ఆగింది. కోతలు అయిపోయేలోపు నాలుగు తిరిగొచ్చాయి. ఆరు ఉండేవి.

గాజు గ్లాసులు మళ్లీ వచ్చాయి. ఇది రాసే ముందు నిన్న సాయంత్రం వెళ్లి టబ్బు పక్కనే కూర్చున్నా. గంటసేపట్లో సగం టీతో వచ్చిన గ్లాసులు మూడు. అందులో ఒకటి ఫోన్ మాట్లాడుతూ బస్సు ఎక్కేసిన మా క్లాస్‌మేట్‌ది.