ఆరు కార్బన్ల లెక్క

మొన్నామధ్య కరీంనగర్ నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. "అన్నా, రాబిన్సన్ ఆన్యులేషన్ల రింగు నాలుగొస్తదా, ఆరొస్తదా?" అని అడిగింది. గైడులో బాణాలున్నాయట, కారణం లేదట. నాకైతే ఇది బట్టీ పట్టాల్సిన విషయం కాదనిపిస్తుంది, వేళ్ల మీద లెక్కపెడితే తేలిపోతుంది.

ఈ పద్ధతి రాబర్ట్ రాబిన్సన్‌ది, 1935 నాటిది. మనకాయన మరీ పరాయివాడేం కాదు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ శాఖను నడిపిన టి.ఆర్. శేషాద్రి గారు మాంచెస్టర్‌లో ఈయన దగ్గరే పరిశోధన చేశారు.

సరే, అసలు విషయానికొద్దాం. 2-మిథైల్ సైక్లోహెక్సేన్-1,3-డయోన్ తీసుకోండి. రెండు C=O ల మధ్యనున్న కార్బన్ మీది హైడ్రోజన్ తేలిగ్గా ఊడిపోతుంది. మిగిలేదే ఈనోలేట్. అది మిథైల్ వినైల్ కీటోన్ (CH2=CH-CO-CH3) చివరి CH2 కి అతుక్కుంటుంది. ఇప్పుడు రింగుకి -CH2-CH2-CO-CH3 అనే తోక వచ్చింది. ఇది మొదటి మెట్టు.

రెండో మెట్టులో ఆ తోక వంగి, రింగులోని C=O ని పట్టుకోవాలి. పట్టుకునేది ఏ కార్బన్? తోకలోని C=O కి ఇటు CH2, అటు CH3 ఉన్నాయి. CH2 పట్టుకుంటే నాలుగు కార్బన్ల రింగు వస్తుంది. బాగా ఇరుకు, పైగా ఆల్డాల్ చర్య వెనక్కి కూడా నడుస్తుంది కాబట్టి అది విడిపోతుంది. చివరి CH3 పట్టుకుంటే ఆరు. తర్వాత నీరు పోయి డబుల్ బాండ్ ఏర్పడుతుంది, అది C=O పక్కనే ఉండటంతో నిలబడుతుంది. మా చెల్లె ప్రశ్నకి జవాబు ఇదే.

లెక్క కూడా సరిపోతుంది. 126 + 70 = 196, అందులో నీరు 18 పోతే 178. అంటే 12.6 గ్రాముల డయోన్‌కి 7 గ్రాముల కీటోన్ వేస్తే, ఎంత బాగా చేసినా 17.8 గ్రాములకి మించి రాదు. వచ్చే పదార్థం పేరు వీలాండ్-మీషర్ కీటోన్, స్టెరాయిడ్ల తయారీకి పనికొచ్చేది.

ఇక చెడేదెక్కడ? మిథైల్ వినైల్ కీటోన్ తనలో తానే అతుక్కుని జిగురైపోతుంది. అందుకే కొంచెం హైడ్రోక్వినోన్ కలుపుతారు. రెండో చిక్కు, చర్య మధ్యలోనే ఆగిపోవడం. తోక వంగని ట్రైకీటోన్ బరువూ 196, వంగాక నీరు పోని కీటాల్ బరువూ 196. మాస్ స్పెక్ట్రమ్‌లో ఆ అంకె చూసి ఏదీ తేల్చలేం! ఐఆర్‌లో 3400 దగ్గర OH కనిపిస్తే కీటాల్. ఎన్ఎంఆర్‌లో 5.8 దగ్గర ఒకే ఒక్క హైడ్రోజన్ కనిపిస్తే పని పూర్తయినట్టు.

మన భాషలో చెప్పాలంటే, కంపైల్ అయింది కదాని రన్ అయిందనుకోకూడదు :)

బాణాలు గీయించే ముందు ఈ ఆరు అంకెలు లెక్కపెట్టిస్తే చాలని నా అభిప్రాయం. మీరేమంటారు?