వ్యవసాయం – అనువ్యవసాయం : ఒక తుపాను రాత్రి వ్రాత

తర్కశాస్త్రంలో ‘వ్యవసాయం’ అంటే సేద్యం కాదు, నిశ్చయాత్మకమైన జ్ఞానం. ఎదుట కుండ ఉన్నది. కన్ను దానిపై పడగానే ‘ఇది కుండ’ అనే జ్ఞానం ఉదయిస్తుంది. ఇది వ్యవసాయం. ఆ తరువాత ‘ఈ కుండను నేను ఎరుగుదును’ అని, ఆ జ్ఞానాన్నే విషయంగా చేసుకొని మరొక జ్ఞానం పుడుతుంది. దీనికి అనువ్యవసాయమని పేరు. మొదటి దానిలో వెలుగు కుండపై ఉన్నది. రెండవ దానిలో ఎరిగినవానిపైకి మరలింది. అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని దీపికతో సహా చదివినవారికి ఈ భేదం బుద్ధిలక్షణం దగ్గరనే ఎదురవుతుంది. స్వానుభవాన్ని వ్రాసిన ఒక వ్యాసాన్ని దిద్దడానికి ఇదే భేదం ఉపకరించిన సందర్భమొకటి అమలాపురంలో సంభవించింది.

విశ్రాంత ఉపాధ్యాయులొకరు 1996 నవంబరు 6 నాటి తుపాను రాత్రిని గురించి, మనుమరాలు చదవాలని నాలుగు పుటలు వ్రాశారు. కోనసీమలో ఆ తేదీ చెబితే వేరే వివరణ అక్కరలేదు. ఆ రాత్రి ఆయన ముమ్మిడివరం ప్రాంతంలోని స్వగ్రామంలో, తండ్రిగారి పెంకుటింట ఉన్నారు. వ్రాసిన కాగితాలను పొరుగున ఉండే, తర్కం చదువుకొన్న శాస్త్రిగారి చేతికిచ్చారు. శాస్త్రిగారు రెండు పర్యాయాలు చదివి, “అన్నీ ఉన్నాయి మాస్టారూ. గాలి మాత్రం తగలడం లేదండీ” అన్నారు.

కారణం మొదటి పేరాలోనే ఉన్నది. ‘చీకటి పడేవేళకు గాలి హోరు పెరగడం నేను గమనించాను. కొబ్బరిచెట్ల మట్టలన్నీ ఒకే ప్రక్కకు వంగి ఉండడం చూశాను. నాకు భయం కలుగుతున్నట్లు అనిపించింది.’ శాస్త్రిగారు పెన్సిలుతో ‘గమనించాను’, ‘చూశాను’, ‘అనిపించింది’ అనే మూడు మాటల చుట్టూ సున్నాలు చుట్టారు. నాలుగు పుటలు ముగిసేసరికి అట్టి సున్నాలు 23 అయినాయి.

తెలుగు వాక్యంలో బలమైన స్థానం చివరిది. సమాపకక్రియ అక్కడ ఉంటుంది. గాలి పెరిగింది అంటే ఆ స్థానం గాలిది. గాలి పెరగడం గమనించాను అంటే పెరగడమనే క్రియ నామమాత్రమై నడుమకు జారిపోతుంది. సింహాసనంపై గమనించినవాడు కూర్చుంటాడు. పాఠకునికి గాలికి బదులు గాలిని చూస్తున్న మనిషి కనబడతాడు. ప్రతి వాక్యంలోనూ ఇదే జరిగితే నాలుగు పుటలూ అనువ్యవసాయమే. వ్యవసాయం ఎక్కడా లేదు.

మాస్టారు అంగీకరించలేదు. “ఇది నా అనుభవం కదండీ. నేను లేకుండా తీసేస్తే ఎవరి కథ అవుతుంది?” అన్నారు. ఆక్షేపణ సమంజసమైనదే. శాస్త్రిగారు దానికి ప్రాభాకర మీమాంసకుల త్రిపుటీవాదంతో సమాధానం చెప్పారు. వారి మతంలో ప్రతి జ్ఞానమూ తనను, తన విషయాన్ని, ఎరిగే ఆత్మను ఒక్కసారే ప్రకాశింపజేస్తుంది. ‘నేను ఎరుగుదును’ అని వేరే చెప్పనక్కరలేదు. ‘మా పాక’, ‘మా ఆవు’, ‘నాన్నగారు’ అన్నప్పుడే చూసేవాడెవడో తెలిసిపోయింది. ఏ చెట్టు వంగిందో, ఏ గది నుండి వంగిందో అన్నదే ఆ మనిషిని చెబుతుంది.

తరువాత ఇద్దరూ కూర్చొని దిద్దారు. మొదటి రెండు వాక్యాలు సులభంగానే మారాయి: ‘చీకటి పడేవేళకు గాలి హోరు పెరిగింది. కొబ్బరి మట్టలన్నీ ఒకే ప్రక్కకు వంగి, మరల లేవలేదు.’ ‘మరల లేవలేదు’ అన్నది మొదటి వ్రాతలో లేదు. ‘చూశాను’ తొలగగానే చెట్టు తరువాత ఏమి చేసిందో చెప్పవలసి వచ్చింది. అది మాస్టారికి జ్ఞాపకమున్నది.

మూడవ వాక్యం అలా లొంగలేదు. ‘అనిపించింది’ తీసివేస్తే ‘నాకు భయం కలిగింది’ మిగిలింది. అది కూడా వట్టి పేరే. “అప్పుడు మీరేం చేశారండీ?” అని శాస్త్రిగారు అడిగారు. లాంతరు వెలిగించబోతే మూడు అగ్గిపుల్లలు విరిగాయని మాస్టారు చెప్పారు. భయమనే మాట పోయి, ఆ మూడు అగ్గిపుల్లలు వాక్యంలోకి వచ్చాయి.

అయితే సున్నా చుట్టినదల్లా కొట్టివేయదగినది కాదు. ‘సముద్రం ఊళ్ల మీదికి వచ్చిందని మరునాడు విన్నాను’ అనే వాక్యాన్ని శాస్త్రిగారు ముట్టుకోలేదు. మాస్టారు సముద్రాన్ని చూడలేదు. ఇతరుల వలన తెలుసుకొన్నారు. అది శబ్దప్రమాణం. ‘విన్నాను’ తీసివేస్తే శబ్దం ప్రత్యక్షంగా వేషం మారుస్తుంది. వాక్యం బలపడదు, అబద్ధమవుతుంది. అట్టిదే మరొకటి కూడా ఉన్నది. ‘గుమ్మం దగ్గర ఎవరో నిలబడినట్లు తోచింది, తీరా చూస్తే తలుపుకు అంటుకొన్న తడిసిన గోనెసంచి’ అన్నదీ నిలిచింది. రజ్జుసర్పభ్రాంతిలో ‘తోచడం’ తెర కాదు, అదే జరిగిన విషయం.

ఈ విధంగా 19 పోయాయి, 3 నిలిచాయి. మిగిలినది ఒక్కటి: ‘ఆ హోరులో నాన్నగారు పాక వైపు నుండి నన్ను పిలిచినట్లు అనిపించింది.’

దీనిని ముట్టుకోవద్దని మాస్టారు పట్టుబట్టారు. అంతటి గాలిలో ఏది పిలుపో, ఏది హోరో ఎవరికి తెలుసు? ఇది సంశయమే గనుక గోనెసంచి వాక్యానికున్న న్యాయమే దీనికీ వర్తించాలి అన్నారు. శాస్త్రిగారు కొంతసేపు మౌనంగా ఉండి, “పిలుపు వినబడినట్లు అనిపించాక, మీరేమన్నారండీ?” అని అడిగారు.

మాస్టారు చాలాసేపటికి జవాబిచ్చారు. “‘వస్తున్నా నాన్నగారూ’ అన్నాను.”

శాస్త్రిగారు మరేమీ అనలేదు. పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని అర్థాపత్తి. జవాబిచ్చినవాడు పిలుపు విన్నాడు. సంశయంలో ఉన్నవాడు ‘పిలిచారా?’ అని అడుగుతాడు, ‘వస్తున్నా’ అనడు. ఆ ‘అనిపించింది’ గోనెసంచి దగ్గరి ‘తోచింది’ వంటిది కాదు. అక్కడ సంశయం ఆ రాత్రిదే. ఇక్కడి సంశయం తరువాతి సంవత్సరాలలో వచ్చి చేరినది.

ఆవు పలుపు విప్పడానికి పాకలోకి వెళ్లిన తండ్రిగారి కాలిమీద దూలం పడింది. కుమారుడు గాలి తగ్గాక వెళ్లాడు. తండ్రిగారు ఆ తరువాత తొమ్మిదేండ్లు కుంటుతూ జీవించారు. ఆ పిలుపు సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఇవన్నీ వ్యాసంలో ముందే ఉన్నాయి. పిలుపుకూ, గాలి తగ్గడానికీ మధ్యనున్న సమయం మాత్రం ఆ ఒక్క క్రియాపదం చాటున దాగి ఉన్నది.

మాస్టారు కాగితాలు ఇంటికి తీసుకొనిపోయారు. నాలుగు రోజుల తరువాత ఆ పుట మాత్రం తిరిగి తెచ్చారు. పాత వాక్యాన్ని కొట్టివేసి, దాని పైన చిన్న అక్షరాలతో వ్రాశారు: ‘నాన్నగారు పిలిచారు. వస్తున్నానన్నాను. లాంతరు వెలిగింది. నేను లేవలేదు.’

శాస్త్రిగారు చదివి, పెన్సిలు క్రింద పెట్టి, కాగితాన్ని రెండు చేతులతో తిరిగి ఇచ్చారు. “మనుమరాలికి ఇస్తారా?” అన్నారు.

“ఇస్తానండీ. దాని కోసమే కదా మొదలుపెట్టింది” అన్నారు మాస్టారు.