వెనక్కి తిప్పితే పేరు చెబుతుంది

ఐఫోన్ వెనకాల 12 అనో 14 అనో ఎక్కడా రాసి ఉండదు. యాపిల్ బొమ్మ ఒక్కటే ఉంటుంది. పాత ఫోన్లు అమ్మేవాళ్లలో కొందరికి ఇదే పెద్ద వరం. కానీ కెమెరాలు, బటన్లు, ఛార్జింగ్ పోర్టు ఎక్కడున్నాయో చూస్తే చాలావరకు పేరు బయటపడిపోతుంది.

మా తమ్ముడు ఎనిమిది నెలలు జీతంలోంచి దాచుకుని ఐఫోన్ కొనాలనుకున్నాడు. ఒకరోజు నాకో ప్రకటన ఫార్వర్డ్ చేశాడు. "ఐఫోన్ 14, 128 జీబీ, బిల్లు లేదు, అర్జెంటు" అని ఉంది. కింద మూడు ఫొటోలు. రేటు చూసి వాడు అప్పటికే గాల్లో తేలుతున్నాడు. అడ్వాన్స్ కొట్టేస్తానన్నాడు. ఆగరా బాబూ అన్నాను.

మొదటి ఫొటోలో ఫోన్ వెనకభాగం ఉంది. చతురస్రంగా ఉన్న గడిలో రెండు కెమెరాలు, ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉన్నాయి. 14లో అలా ఉండవు. 2021లో వచ్చిన 13 నుంచి కెమెరాలు ఐమూలగా మారాయి, అంటే ఒకటి పై మూల, ఒకటి ఎదురుగా కింద మూల. 14, 15 కూడా అంతే. 2024లో వచ్చిన 16లో మళ్లీ నిలువుగా పెట్టారు గానీ, అందులో చతురస్రం గడి లేదు, క్యాప్సూల్ మాత్ర ఆకారంలో ఉంటుంది. కాబట్టి ఇది 11 గానీ 12 గానీ అయ్యుండాలి.

రెండో ఫొటోలో ఫోన్ బల్ల మీద పక్కకి నిలబెట్టి ఉంది. 11కి అంచులు గుండ్రంగా ఉంటాయి, 12కి స్కేలులా చదునుగా ఉంటాయి. ఇది చదునుగా ఉంది. మూడో ఫొటోలో బటన్ల వైపు కనిపించింది. పైన సైలెంట్ స్విచ్, దాని కింద రెండు వాల్యూమ్ బటన్లు, ఇంకా కింద సిమ్ ట్రే. 11లో సిమ్ ట్రే అవతలి వైపు, పవర్ బటన్ కింద ఉంటుంది. 12 నుంచి వాల్యూమ్ వైపుకి వచ్చింది. ఇక అనుమానం లేదు, అది 2020 నాటి 12. రెండేళ్లు కొత్త ఫోన్ అని చెప్పి దాని రేటు అడుగుతున్నారు.

ఫొటోలు చూసేటప్పుడు ఒక చిక్కు ఉంది. వెనక నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే ముందు కెమెరా గడి చూడండి. వెనక్కి తిప్పిన ఐఫోన్‌లో అది ఎప్పుడూ మనకు పై ఎడమ మూలనే ఉంటుంది. కుడివైపు కనిపిస్తే అది అద్దంలో తీసిన ఫొటో, దాన్ని తిప్పి చదువుకోవాలి.

తమ్ముడు మెసేజ్ పెడితే అవతలి కుర్రాడు, "నాకు అమ్మినాయన 14 అనే చెప్పాడన్నా" అన్నాడు. నిజమే కావచ్చు. పాపం, వాడి డబ్బులూ పోయినట్టే.

వారం తర్వాత ఇంకొకటి దొరికింది. "ఐఫోన్ 14"నే. ఈసారి కెమెరాలు ఐమూలగానే ఉన్నాయి. కింద పాత లైట్నింగ్ పోర్టు ఉంది కాబట్టి 15 కాదు, ఎందుకంటే 15 నుంచి టైప్-సి వచ్చింది. మిగిలింది 13, 14. ఇక్కడ కంటిచూపు ఆగిపోతుంది. రెండూ కవలల్లా ఉంటాయి, ఫొటో చూసి పందెం కాయకూడదు. నేరుగా వెళ్లి, ఫోన్ చేతిలోకి తీసుకుని Settings, General, About తెరవాలి. Model Number మీద ఒకసారి నొక్కితే A తో మొదలయ్యే నంబరు వస్తుంది. మన దేశంలో అమ్మిన 13కి A2633, 14కి A2882. స్క్రీన్‌షాట్ పంపిస్తే నమ్మకండి, అది వేరే ఫోన్‌ది కావచ్చు.

తమ్ముడు టీకొట్టు దగ్గర చూస్తే A2633 వచ్చింది. ఇంకో పరీక్ష కూడా చేయించాను. పాత ఫోన్‌కి కొత్త మోడల్ బాడీ తొడిగి, ఉత్తుత్తి కెమెరా అంటించేవాళ్లున్నారు. కెమెరా 1xలో పెట్టి, వెనక ఒక్కో లెన్స్‌ని వేలితో మూయాలి. ఒకటి మూస్తే తెర నల్లబడాలి. 0.5xలో రెండోది మూస్తే నల్లబడాలి. ఎందులోనూ నల్లబడని లెన్స్ ఉంటే అది అలంకారమే.

రెండూ పనిచేశాయి. 14 అని చెప్పిన ఆ ఫోన్‌ని వాడు 13 రేటుకే బేరమాడి తెచ్చుకున్నాడు.