పొడుగు పెట్టెను ఎక్కడ పట్టి తోయాలి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఇండ్లలో నేలంటే నాపబండలే. వాటి మీద ఫ్రిజ్ వచ్చిన పొడుగాటి చెక్కపెట్టెను తోస్తే ముందు జరుగుతుందా, ఒరుగుతుందా? అది మన చెయ్యి ఎంత ఎత్తులో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

పెట్టె బరువు 100 కిలోలు, తోసే దిశలో వెడల్పు 60 సెంటీమీటర్లు, బరువు సమంగా పరుచుకుని ఉందనుకుందాం. పొడి బండ మీద దాన్ని జరపడానికి సుమారు 40 కిలోల తోపు కావాలనుకోండి. ఛాతీ ఎత్తున, అంటే 120 సెంటీమీటర్ల దగ్గర తోస్తే, 25 కిలోల తోపుకే ముందరి అంచు మీద ఒరగడం మొదలవుతుంది. ఎందుకంటే పెట్టెను నిలబెట్టేది దాని బరువును సగం వెడల్పుతో గుణిస్తే వచ్చే భ్రామకమే: 100 × 30 = 3000. దాన్ని 120తో భాగిస్తే 25. అదే 75 సెంటీమీటర్ల దగ్గర రెండూ సమానం. అంతకన్నా కిందికి వంగి తోస్తే ముందు జరుగుతుంది.

బరువు రెట్టింపైనా ఈ 75 మారదు. నేల మారితే మారుతుంది: గరుకు బండ మీద చెయ్యి ఇంకా దిగాలి, పాలిష్ బండ మీద కొంచెం పైనున్నా పర్వాలేదు.

నాకు భయమల్లా బండల అతుకులే. ముందరి అంచు అక్కడ తగులుకుంటే జరగడం ఆగిపోతుంది, ఎంత కింద తోసినా తోపంతా ఒరగడానికే పోతుంది. మనవైపు అడుగున సందు కనబడిందా, వెంటనే తోపు ఆపాలి. పెట్టెకు అవతల మనిషిని అసలు నిలబెట్టొద్దు.