వంతెన మీద జోకు

వ్యానులో 14 మంది. ఒకే ఆఫీసు, ఒకే ఫ్లోరు. అయినా ఎవరింట్లో ఏముందో ఎవరికీ తెలీదు. కలిసి బయటికి రావడం అదే మొదటిసారి. ఆదివారం పొద్దున్నే చార్మినార్ వైపు వెళుతూ ముందుగా పురానాపూల్ దగ్గర దిగారు.

దారి పొడవునా బలైపోయింది శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. 'మీ ఊళ్లో దీన్నేమంటారు?' అని ఒకరు అడగడం, అతను చెప్పడం, అందరూ నవ్వడం. మొదటిసారి అతనూ నవ్వాడు. మూడోసారి అడిగేసరికి టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడాడు. యాస దాచేసుకున్నాడన్నమాట! అది ఎవరూ గమనించలేదు.

వంతెన చూస్తుంటే ఒకాయన కథ ఎత్తుకున్నారు. వరదలో మూసీ దాటి భాగమతి కోసం వెళ్లాడట యువరాజు మహమ్మద్ కులీ. కంగారుపడ్డ తండ్రి ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో ఈ వంతెన కట్టించాడట. సీనియర్ ఊరుకోలేదు. పక్కనున్న అకౌంట్స్ మేడమ్ వైపు తిరిగి, ''మరి మీకోసం ఎవరూ వంతెన కట్టలేదా మేడమ్?'' అన్నారు.

అంతా గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వారు, కాకపోతే కాస్త ఆలస్యంగా. వెంటనే వాచీ చూసుకుని, ''ఇంకెంతసేపు ఉంటాం ఇక్కడ?'' అని అడిగారు. నొచ్చుకున్నవాళ్లు కొత్తచోట కోప్పడరు. నవ్వేసి మాట మారుస్తారు. ఆమె విడాకుల కేసు నడుస్తోందని అక్కడున్నవాళ్లలో ఒక్కరికే తెలుసు. ఆ సంగతి బయటపెట్టి 'అలా అనకండి సార్' అంటే గాయం ఇంకా పెద్దదవుతుంది. అందుకే ఆవిడ యువరాజు మీద పడ్డారు.

''అప్పటికి ఆయనకి నిండా 13 ఏళ్లు ఉంటాయో లేదో సార్. స్కూలు ఎగ్గొట్టి వెళ్లి ఉంటాడు!''

ఈసారి నవ్వు నాలుగొందల ఏళ్ల కిందటి కుర్రాడి మీదికి పోయింది. ఆయనేం నొచ్చుకోడు కదా. పైగా ఆ ప్రేమకథనే చాలామంది చరిత్రకారులు నమ్మరు.

సీనియర్‌కి విషయం తెలీకపోయినా, ఆ వాచీ చూసుకోవడం మాత్రం కంటపడింది. ఇరానీ చాయ్ దగ్గర ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు, ''ఇందాక ఆ మాట అనకుండా ఉండాల్సింది. సారీ అమ్మా'' అన్నారు. 'సరదాకి అన్నాను' అని తోక తగిలించలేదు. కారణం అడగలేదు. ఆమె ''ఫర్వాలేదు సార్'' అన్నారు. అంతే.

తిరుగు ప్రయాణంలో ఆయన తన డ్రైవింగ్ పాట్ల మీద తనే జోకులేసుకున్నారు. శ్రీకాకుళం కుర్రాడు మొదటిసారి తన యాసలోనే ఓ చురక అంటించాడు.

రాత్రి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వంతెన దగ్గరి ఫొటో వచ్చింది. కింద ఎవరో 'మన వంతెన మేడమ్' అని రాశారు. సోమవారానికల్లా అదే ఆమె పేరైపోయేది. సీనియర్ గ్రూపులో ఏమీ అనలేదు. రాసినతనికి ఫోన్ చేశారు. రెండు నిమిషాల్లో ఆ లైను మాయమైంది.