ఎడిట్, బ్లాంక్

ఎడిట్, బ్లాంక్. ఎడిట్, బ్లాంక్. ఎడిట్, బ్లాంక్.

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళ అడ్మిషన్ ఫారం చెవితో చదివితే ఇలా ఉంటుంది. మా చెల్లి రూమ్మేట్‌కి చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో ల్యాప్‌టాప్ వాడుతుంది. ఆ సెంటర్లో జావా నేర్చుకోవాలనుకుని మూడు రోజులు ఆ ఫారంతో కుస్తీ పట్టింది. "ఫారం నింపడానికే పక్కన మనిషి కావాలంటే, రేపు నేను కోడ్ రాస్తానంటే ఎవరు నమ్ముతారక్కా?" అని అడిగింది నన్ను. మా చెల్లి ఊరుకునే రకం కాదు. సెంటర్‌కి ఫోన్ చేసి దులిపేసింది. "మీ అక్క వెబ్‌సైట్లు చేస్తుందన్నారుగా, ఆవిడనే బాగుచెయ్యమనండి" అన్నాడు ఓనర్. అలా వచ్చి పడింది నా మీదికి.

చూసేవాళ్ళకి ఆ ఫారంలో ఏ లోపమూ లేదు. ప్రతి గడి పక్కనా పేరు, ఫోన్, క్వాలిఫికేషన్ అని రాసే ఉంది. అయితే ఆ మాటకీ ఆ గడికీ సంబంధం ఉందని చెప్పేది మన కన్ను మాత్రమే. కోడ్‌లో అవి రెండూ ఒకదానికొకటి తెలియని అపరిచితులు. ట్యాబ్ నొక్కి గడిలోకి వెళ్తే స్క్రీన్ రీడర్‌కి చెప్పడానికి పేరేమీ దొరకదు. అందుకే ఎడిట్ అంటుంది, ఖాళీగా ఉంది కాబట్టి బ్లాంక్ అంటుంది. వాటిని కలపడానికి రెండు వరుసలు చాలు.

```html
<label for="phone">Phone</label>
<input id="phone" type="tel" autocomplete="tel">
```

`for` లో ఉన్న మాటా `id` లో ఉన్న మాటా ఒకటే కావాలి, అంతే. ఇప్పుడు ఎన్‌వీడీఏ "ఫోన్, ఎడిట్" అని చదువుతుంది. పైగా మౌస్‌తో ఆ మాట మీద నొక్కినా కర్సర్ గడిలోకే వెళ్తుంది. మొత్తం పదకొండు గడులు. ఒక గంట పని.

అసలు చిక్కు సబ్మిట్ దగ్గర. అది చూడ్డానికి బటనే గానీ, నిజానికి రంగు పూసిన `div`. మౌస్ నొక్కితే పలుకుతుంది. ట్యాబ్ మాత్రం దాన్ని ముట్టుకోకుండా దాటేసి కింద ఫుటర్‌లోకి దూకుతుంది. మూడు రోజులూ ఆ అమ్మాయి వెతికింది ఈ బటన్ కోసమే. దాని స్థానంలో అసలైన `button` పెడితే ట్యాబ్ ఆగుతుంది, ఎంటర్ పనిచేస్తుంది, విడిగా ఏమీ రాయక్కర్లేదు. స్టైల్ ఫైల్లో ఎవరో `outline: none` అని కూడా రాసిపెట్టారు. అందువల్ల చూపున్నవాళ్ళకి కూడా ట్యాబ్ నొక్కుతూ పోతే ఎక్కడున్నామో తెలియదు. చెయ్యి వణికి మౌస్ పట్టుకోలేనివాళ్ళ సంగతి ఆలోచించండి. ఆ వరుస తీసేశాను.

ఇక్కడొక మాట. క్రోమ్‌లో ఉండే లైట్‌హౌస్ లాంటి పరీక్షలు మంచివే, పేరు లేని గడుల్ని వెంటనే పట్టిస్తాయి. ఈ దొంగ బటన్‌ని మాత్రం పట్టుకోలేకపోయింది. మౌస్ తీసి సొరుగులో పెట్టి, ఫారం మొదట్నుంచి చివరిదాకా కీబోర్డుతో నింపి చూడటమే నాకు తెలిసిన నమ్మకమైన పరీక్ష.

ఫీజు తిరిగివ్వబడదు అన్న షరతు తెల్లటి పేజీ మీద `#999999` బూడిదరంగులో ఉంది. రెండింటి కాంట్రాస్ట్ నిష్పత్తి 2.85. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి. `#595959` చేస్తే 7కి చేరింది. "డిజైన్ డల్ అయిపోయిందండీ" అన్నాడు ఓనర్. పాత పేజీ ఫోన్లో తెరిచి ఆ షరతు చదవమన్నాను. ఫోన్ దూరంగా పెట్టి, దగ్గరికి తెచ్చి, కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. (సరిగ్గా ఆ షరతే ఎందుకంత పల్చగా ఉందో నేనూ అడగలేదు.)

బ్యాచ్ టైమింగులు, ఫీజు, ఆఖరి తేదీ అన్నీ ఒక వాట్సాప్ పోస్టర్లో ఉన్నాయి. దాన్ని లింకుగా పెట్టారు, `alt` లేదు. దాంతో స్క్రీన్ రీడర్ ఫైలు పేరులోని అంకెలన్నీ ఏకరువు పెడుతుంది. `alt="poster"` అని రాసి చేతులు దులుపుకోవచ్చు, పరీక్షలో పాసవుతుంది కూడా. కానీ ఆమెకి కావలసింది పోస్టర్ ఉందన్న కబురు కాదు, సాయంత్రం బ్యాచ్ ఎన్నింటికన్నది. అందుకని ఆ వివరాలన్నీ పేజీ మీదే టైప్ చేసి, బొమ్మకి "జావా బ్యాచ్ పోస్టర్, వివరాలు కింద" అని చిన్న `alt` ఇచ్చాను. అలంకారానికి పెట్టిన గ్రాడ్యుయేషన్ టోపీలకి ఖాళీ `alt=""` చాలు, స్క్రీన్ రీడర్ మాట్లాడకుండా దాటిపోతుంది. తెలుగు పేరాలకి `lang="te"` చేర్చాక ఎన్‌వీడీఏ గొంతు తెలుగులోకి మారింది. "రోబో తెలుగే అనుకో, కానీ అర్థమవుతోంది" అంది ఆ అమ్మాయి.

ఫారం తనే నింపి ఎంటర్ కొట్టింది. తర్వాత ఫీజు కట్టే పేజీ వచ్చింది. అది వేరే కంపెనీది, నా చెయ్యి అక్కడిదాకా వెళ్ళదు. ఫీజు ఆఫీసులో కూడా కట్టొచ్చని, ఫోన్ నంబరుతో సహా, సబ్మిట్ బటన్‌కి ముందే ఒక వాక్యం రాసిపెట్టాను.