కుడిచేతి విద్య ఎడమచేతికి

2021 సెప్టెంబరులో వానకు తడిసిన రోడ్డుమీద స్కూటరు జారి కుడిభుజం మీద పడ్డాను. ఎముక విరగలేదని తెలిసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాము. చేయి మాత్రం లేవలేదు. మెడనుండి చేతిలోకి దిగే నరాల అల్లిక ఒకటున్నది. దానిని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారట. పడినప్పుడు మెడ ఒకవైపు, భుజం ఒకవైపు లాగబడి ఆ అల్లిక దెబ్బతిన్నది.

నరము తిరిగి పెరిగితే రోజుకు సుమారొక మిల్లీమీటరు పెరుగుతుందని వైద్యులు చెప్పారు. మెడనుండి వేలికొసకు ఏడువందల మిల్లీమీటర్లని నేను లెక్క కట్టుకొన్నాను. అంటే రెండేళ్ళు. "అంతకాలం నరం అందక కండ నిలవదు మాస్టారూ! మోచేయి వంగవచ్చు. వేళ్ళమీద ఆశ పెట్టుకోవద్దు" అన్నారాయన. మంచి వైద్యుడు, ఆశ చూపి తిప్పుకోలేదు.

నా దిగులు అన్నం కలుపుకొనడం గురించి కాదు. ఉద్యోగంలో ఉన్న ముప్పయ్యేళ్ళలో ఊరూరా సేకరించిన సామెతలు నాలుగువేల కార్డులున్నవి. అందులో సగమే కంప్యూటరు కెక్కినవి. మిగిలిన కార్డుల మీది చేవ్రాత నాకు తప్ప మరొకరికి బోధపడదు.

అమెరికాలోని మా అబ్బాయి ఈ సంగతి విని చేతిలో ఇమిడే మీటల పెట్టె ఒకటి పంపించాడు. ఇటువంటి వాటిని కార్డెడ్ కీబోర్డులంటారు. ఇందులో ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క మీట ఉండదు. కొన్ని మీటలను ఒకేసారి కలిపి నొక్కితే ఒక అక్షరం పడుతుంది. మన సంయుక్తాక్షరం వంటిదన్నమాట. 1968లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తన ప్రసిద్ధ ప్రదర్శనలో వాడినదానికి అయిదే మీటలు. ఛందస్సు చదివినవారికి ఆ లెక్క తెలిసినదే. అయిదక్షరాలకు గురులఘు ప్రస్తారం వేస్తే ముప్పదిరెండు భేదాలు వస్తవి. ఏ మీటా నొక్కని ఒక్క భేదాన్ని తీసివేస్తే ముప్పదియొకటి. ఇంగ్లీషు అక్షరాలకు అవి చాలును.

ప్రస్తారం వచ్చినవాడికి ఇదెంత అనుకొన్నాను. పదిరోజులు కూర్చొన్నాను. నాకు వచ్చిన పెట్టెలో కొన్ని అక్షరాలకు ఒక మీట, మిగిలినవాటికి రెండేసి మీటలు. పట్టిక కంఠస్థమైనది కాని వేలు కదలలేదు. అక్షరం గుర్తుకు రావడం వేరు, ఆలోచన లేకుండా వేళ్ళు కలసి దిగడం వేరు. రెండు వేళ్ళలో ఒకటి రవ్వంత ముందు లేస్తే మరో అక్షరం పడేది. పైగా అది రోమను లిపి. "కమల" అనడానికి kamala అని ఆరుసార్లు కొట్టాలి. ఇన్‌స్క్రిప్టులో మూడుసార్లు చాలును.

పెట్టెలో దోషం లేదు, నా ఓపికదే. ట్విడ్లర్ అనే ఇటువంటి ఉపకరణం మీద జార్జియా టెక్ పరిశోధకులు 2004లో పరీక్షలు జరిపారు. ఇరవై నిమిషాల చొప్పున ఇరవైసార్లు అభ్యాసం చేసినవారికి సగటున నిమిషానికి 26 మాటల వేగం వచ్చింది. అభ్యాసం కొనసాగించి సుమారు 25 గంటలకు చేరినవారికి 47 మాటలు వచ్చినవి. ఆ వేగం గొప్పదే. అయితే వారు వయసులో ఉన్నవారు, రాసినది ఇంగ్లీషు. పైగా వారికి వెనుక నాలుగువేల కార్డులు ఎదురుచూడడం లేదు.

అప్పుడొక సంగతి స్ఫురించింది. నేను 1970లలో టైపు లోయరు, హయ్యరు ప్యాసైనవాడను. ఆ తరువాత ఇన్‌స్క్రిప్టు కూడ చూడకుండా కొట్టడం నేర్చుకొన్నాను. ఆ విద్య కుడిచేతితో పోయిందా, నాలోనే ఉన్నదా?

ఉన్నదని 1993లోనే మథియాస్, మెకెంజీ, బక్స్‌టన్ అనే ముగ్గురు చూపించారు. వారి పద్ధతికి హాఫ్ క్వర్టీ అని పేరు. కీబోర్డును నడుమకు మడిచినట్లు ఊహించుకోండి. ఎడమచేతి F మీద కుడిచేతి J, D మీద K, S మీద L వచ్చి కూర్చొంటాయి. స్పేసు మీటను బొటనవ్రేలితో నొక్కి ఉంచి F కొడితే J పడుతుంది. ఒంటరిగా నొక్కి వదిలితే స్పేసు మామూలు ఖాళీనే ఇస్తుంది. కుడి చూపుడువేలు చేసే పని ఎడమ చూపుడువేలే చేస్తుంది, అద్దంలో ప్రతిబింబంలాగ. కనుక కొత్తగా కంఠస్థం చేయవలసినదేమీ లేదు. వారి పరీక్షలో మూడు నాలుగు గంటలకే ఒక వేలితో వెతుక్కొని కొట్టే వేగం దాటినారు. ఎనిమిది గంటలకు రెండు చేతుల వేగంలో సగానికి వచ్చారు.

నా మేనల్లుడు ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఈ ఏర్పాటు చేసిపెట్టాడు. తెలుగుకు ఇది మరింత బాగా కుదిరింది. ఇన్‌స్క్రిప్టులో గుణింతపు గుర్తులు, పొల్లు ఎడమవైపు. మ, న, వ వంటి కొన్నింటిని మినహాయిస్తే హల్లులు కుడివైపు. కనుక నాకు సూత్రం ఇట్లా తేలింది: హల్లుకు బొటనవ్రేలు దిగాలి, గుర్తుకు లేవాలి. "తల్లి" అన్న మాట చూడండి. స్పేసుతో S కొడితే త, స్పేసుతో B కొడితే ల, ఉత్త D పొల్లు, మళ్ళీ స్పేసుతో B, ఆపై ఉత్త F గుడి. మొదట్లో నేను చేసిన తప్పులన్నీ ఒకే రకం. బొటనవ్రేలు లేవడం ఆలస్యమై, గుడి పడవలసిన చోట ర పడేది. అటువంటి తప్పు కనబడితే వేళ్ళను కాదు, బొటనవ్రేలిని దిద్దుకోవాలి. ఒత్తక్షరాలకు షిఫ్టు కావాలి కాబట్టి, దానిని నొక్కి వదిలితే తరువాతి అక్షరానికి పట్టేటట్లు అమర్చాడు.

ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట. మూడువారాలకు పదిగంటల అభ్యాసమయ్యేసరికి నిమిషానికి పన్నెండు మాటలు వచ్చినవి. రెండు చేతులతో పాతిక కొట్టేవాడిని.

పొంగిపోయి రోజుకు మూడుగంటలు కొట్టాను. నెల తిరిగేసరికి ఎడమ బొటనవ్రేలి మొదట మంట, పొద్దున మణికట్టు బిగుసుకొనడం. ఫిజియోథెరపీ అమ్మాయి కోప్పడింది. "ఉన్న ఒక్క చేతిని కూడ పోగొట్టుకుంటారా సార్?" ఒక చేతికి రెండు చేతుల బరువు పెడుతున్నానని, దానికి మించి బొటనవ్రేలిని ప్రతి హల్లుకూ పట్టి ఉంచుతున్నానని అప్పుడు తెలిసివచ్చింది. అప్పటినుండి పదిహేను నిమిషాలకొక విరామం, రోజుకు గంటకు మించకుండా.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు ఇటువంటి కష్టంలో పడి సలహా అడిగారు. చేయి విరిగి ఆరువారాలు కట్టుతో ఉండవలసినవారు ఏదీ నేర్వనక్కరలేదు. విండోసులో షిఫ్టును వరుసగా అయిదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ వస్తుంది. దానితో ఒంటిచేత్తో నెట్టుకురావచ్చును. చూడకుండా టైపు చేయడం వచ్చి, ఒక చేయి శాశ్వతంగా పోయినవారికి నా దారి. టైపు ముందునుండి రానివారికి అద్దంలో చూపడానికి విద్యే లేదు. వారు విండోసులోనే ఉన్న ఒంటిచేతి డ్వొరాక్ అమరికతోగాని, కార్డెడ్ కీబోర్డుతోగాని మొదటినుండి మొదలుపెట్టడం మేలు. ఆ రెండవది చేయి కదపలేక వేళ్ళు మాత్రం చక్కగా ఆడేవారికి బాగా నప్పుతుంది, చేతిని అటూ ఇటూ జరపనక్కరలేదు గనుక. వేళ్ళు విడివిడిగా మడవలేనివారికి అది కొరగాదు. పక్షవాతంతో మాటే తడబడుతున్నవారికి కొత్త సంకేతాల పట్టిక మరొక బరువు.

నా లెక్కకు ఇంకా ఆరువందల కార్డులున్నవి. మోచేయి వైద్యులన్నట్లే వంగుతున్నది, వేళ్ళు రాలేదు. ఇప్పుడా కుడిచేతి పని కార్డు కదలకుండా అదిమిపట్టి ఉంచడం.